నాలుగు గంటల ఓవర్‌ల్యాప్ అంటే ఏ నాలుగు గంటలు?

(విదేశీ కంపెనీలకు ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగాల కోసం చూస్తున్నవారితో మాట్లాడిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. జీతం ఎలా అడగాలి, ఇంటర్వ్యూ ఎలా చెయ్యాలి, అవన్నీ ఇవాళ మాట్లాడను. ఒక్క విషయమే. ఆఫర్ చేతికొచ్చింది, కంపెనీ అమెరికాలో ఉంది, మీరు విజయవాడలో ఇంట్లో కూర్చుని పనిచెయ్యాలి. సంతకం పెట్టే ముందు పనిగంటల గురించి ఏం అడగాలి, ఏం రాయించుకోవాలి? ఇంతే.

ప్రకటనల్లో ఒక వాక్యం మీరందరూ చూసే ఉంటారు. "రిమోట్ ఉద్యోగం, ఈఎస్‌టీతో కనీసం నాలుగు గంటల ఓవర్‌ల్యాప్ ఉండాలి." అంటే అమెరికా తూర్పు తీరం వాళ్ల పనివేళలతో మన పనివేళలు కనీసం నాలుగు గంటలు కలవాలి. చదవగానే ఏమనిపిస్తుంది? నాలుగు గంటలే కదా, సాయంత్రం కాసేపు కూర్చుంటే సరిపోతుంది అనిపిస్తుంది. ఇంటర్వ్యూలో "మీకు ఓకేనా?" అంటారు, మనం "ఓకే సర్" అంటాం. అక్కడితో ఆ మాట అయిపోతుంది. ఏ నాలుగు గంటలు అని అటువైపు ఎవరూ చెప్పరు, ఇటువైపు ఎవరూ అడగరు.

ఇప్పుడు ఆ వాక్యాన్నే విప్పి చూద్దాం. న్యూయార్క్‌లో ఆఫీసు ఉదయం 9 నుంచి సాయంత్రం 5 వరకు అనుకోండి. వేసవిలో మనకీ వాళ్లకీ తేడా తొమ్మిదిన్నర గంటలు. వాళ్ల ఉదయం 9 మనకు సాయంత్రం 6:30. వాళ్ల సాయంత్రం 5 మనకు అర్ధరాత్రి దాటి 2:30. ఆ ఎనిమిది గంటల్లో ఏ నాలుగైనా "నాలుగు గంటల ఓవర్‌ల్యాప్" కిందికే వస్తాయి. మొదటి నాలుగైతే రాత్రి 10:30కి లేచిపోవచ్చు. చివరి నాలుగైతే 10:30కి మొదలుపెట్టి 2:30 దాకా కూర్చోవాలి. ప్రకటనలో వాక్యం మారలేదు, జీతం మారలేదు. మీ జీవితం మాత్రం పూర్తిగా వేరు. అవునా కాదా?

కాబట్టి అడగాల్సింది ఎన్ని గంటలు అని కాదు. ఏ గంట నుంచి ఏ గంట వరకు అని. ఆ మాటే కాగితం మీద ఉండాలి.

ఇంకో సంగతి. ఈఎస్‌టీ అనే మూడక్షరాలను నమ్మకండి. అమెరికా తూర్పు తీరంలో ఈఎస్‌టీ ఉండేది చలికాలంలోనే. మార్చి రెండో ఆదివారం గడియారం ఒక గంట ముందుకు జరుపుతారు, నవంబర్ మొదటి ఆదివారం మళ్లీ వెనక్కి తెస్తారు. 2026లో ఆ తేదీలు మార్చి 8, నవంబర్ 1. ఆ మధ్యకాలంలో వాళ్లు ఉండేది వేసవి సమయమైన ఈడీటీలో, అయినా అలవాటుకొద్దీ ఏడాది పొడవునా ఈఎస్‌టీ అనే రాస్తారు. సీఎస్‌టీ ఇంకా ఘోరం. చికాగో వాళ్లదీ సీఎస్‌టీయే, చైనా వాళ్లదీ సీఎస్‌టీయే. అంతెందుకు, మన ఐఎస్‌టీనే తీసుకోండి. ఐర్లండ్ వాళ్లూ ఇజ్రాయెల్ వాళ్లూ అది మాదే అంటారు. అందుకని ఊరి పేరు రాయండి: "న్యూయార్క్ సమయం". క్యాలెండర్ సెట్టింగుల్లో America/New_York, Asia/Kolkata అని కనిపిస్తాయి కదా, వాటిని అలాగే ఎత్తి రాసేస్తే ఇంకా మంచిది. ఊరి పేరుంటే గడియారం ఎప్పుడు జరిగినా ఏ సమయమన్నది తేలిపోతుంది.

ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్దాం, చాలామందికి దెబ్బ తగిలేది ఇక్కడే. మన దేశంలో గడియారం జరపం. వాళ్లు జరుపుతారు. ఉదయం 9 గంటల మీటింగు అంటే వాళ్లకు ఏడాదంతా ఉదయం 9కే. మనకు మాత్రం వేసవిలో 6:30, నవంబర్ వచ్చాక 7:30. మీటింగు పెట్టింది వాళ్ల క్యాలెండర్‌లో కాబట్టి అది వాళ్ల గడియారంతోనే నడుస్తుంది. నవంబర్ 2, సోమవారం, మీరు అలవాటుగా ఆరున్నరకి వచ్చి కూర్చుంటే అక్కడ ఎవరూ ఉండరు. అది చిన్న ఇబ్బంది, ఒక్కరోజులో సర్దుకుంటుంది. అసలు ఇబ్బంది రోజు చివర్లో ఉంది.

ఎలాగంటే, మీ రోజు ఎనిమిది గంటల పని, ఒక గంట విరామం. వేసవిలో మధ్యాహ్నం 1:30కి మొదలుపెడతారు, రాత్రి 10:30కి ముగిస్తారు. చివరి నాలుగు గంటలు న్యూయార్క్‌తో కలుస్తాయి. బాగానే ఉంది. నవంబర్‌లో ముగింపు 11:30కి జరిగింది. మరి మొదలు జరిగిందా? జరగాలి, 2:30కి జరగాలి. కానీ మీ టీమ్‌లో హైదరాబాద్ నుంచో పుణె నుంచో ఇంకో ఇద్దరుంటారు, వాళ్లతో రోజూ రెండు గంటలకు ఒక చిన్న కాల్ ఉంటుంది. దాని కోసం ఒకటిన్నరకే కూర్చుంటారు. ముగింపు జరిగింది, మొదలు జరగలేదు. రోజుకు ఒక గంట ఉచితం. నవంబర్ మొదటి వారం నుంచి మార్చి రెండో వారం దాకా ఎన్ని వారాలు? సుమారు 19. వారానికి 5 గంటల చొప్పున వేసుకోండి, సెలవులు తీసేసినా 90 గంటల దరిదాపుల్లో తేలుతుంది. రెండు వారాల పనికన్నా ఎక్కువే. ఎవరూ మోసం చెయ్యలేదు, ఎవరూ అడగనూ లేదు. కాగితం మీద ఒక్క వాక్యం లేదు, అంతే: "ఓవర్‌ల్యాప్ న్యూయార్క్ సమయాన్ని బట్టి ఉంటుంది, గడియారం మారినప్పుడు నా రోజు మొదలూ చివరా రెండూ ఒక గంట జరుగుతాయి."

లండన్ కంపెనీ అయితే ఈ తేడా చిన్నది, వేసవిలో నాలుగున్నర గంటలు, చలికాలంలో ఐదున్నర. అదంత బాధ కాదు. ఒకటి గుర్తుంచుకుంటే చాలు: వాళ్లు గడియారం మార్చేది మార్చి చివరి ఆదివారం, అక్టోబర్ చివరి ఆదివారం. అమెరికా తేదీలూ అవీ ఒకటి కావు. టీమ్ రెండుచోట్లా ఉంటే మార్చిలో రెండు మూడు వారాలు, అక్టోబర్ చివర ఒక వారం మీటింగులన్నీ అటూ ఇటూ అవుతాయి.

సరే. ఇప్పుడు ఎవరూ అడగని ప్రశ్న ఒకటి చెప్తాను. ఓవర్‌ల్యాప్ ఎవరితో? కంపెనీ న్యూయార్క్‌లో ఉంది, ఒప్పుకున్నాం. మీ పని చూసేది ఎవరు? మీ కోడ్ రివ్యూ చేసేది ఎవరు? ఆయన అమెరికా పడమటి తీరంలో, సియాటెల్‌లో ఉంటే? రిమోట్ కంపెనీలో అందరూ రిమోటే కదండీ, మీరొక్కరే కాదు. మీ ఓవర్‌ల్యాప్ న్యూయార్క్ ఉదయం 9 నుంచి 1 వరకు అనుకోండి. అది సియాటెల్‌లో తెల్లవారుజామున 6 నుంచి 10. ఆయన 9కి లాగిన్ అవుతాడు. అంటే మీ నాలుగు గంటల్లో ఆయన దొరికేది ఒక్క గంట, అదీ చివరి గంట. వేసవిలో మనకు రాత్రి తొమ్మిదిన్నర నుంచి పదిన్నర. ఆ గంటలో ఆయన వేరే మీటింగులో ఉంటే మీ సందేహం మర్నాటికి వాయిదా. మూడు రోజులు ఇలా జరిగాక ఆయనే మర్యాదగా అడుగుతాడు: "ఈ కాల్‌ను మా 11కి మార్చుకుందామా?" వాళ్ల 11 అంటే మనకు రాత్రి 11:30. చలికాలంలో 12:30. మీరు కాదనలేరు, ఎందుకంటే పని ఆగిపోతోంది. కాగితం మీద నాలుగు గంటలే ఉంది, న్యూయార్క్ అనే ఉంది, కంపెనీ మాట తప్పలేదు. అయినా మీరు అర్ధరాత్రి దాటి కూర్చున్నారు.

దీన్ని ముందే ఎలా కనిపెట్టాలి? రిక్రూటర్‌ని అడిగితే లాభం లేదు. ఆమెకు తెలిసింది ప్రకటనలో ఉన్న వాక్యమే. హెచ్‌ఆర్‌కి తెలిసింది పాలసీ. రోజు ఎలా నడుస్తుందో తెలిసినవాడు మీ మేనేజర్ కాబోయే మనిషి ఒక్కడే. నోటిమాటగా ఆఫర్ చెప్పాక ఆయనతో పదిహేను నిమిషాల కాల్ అడగండి, ఇస్తారు. "పనిగంటలు ఎలా ఉంటాయి?" అని మాత్రం అడగకండి. అలా అడిగితే వచ్చే జవాబు మీకు నేనిప్పుడే చెప్పగలను: "మేం చాలా ఫ్లెక్సిబుల్." ఫ్లెక్సిబుల్ ఎవరు? వాళ్ల కోసం మీరా, మీ కోసం వాళ్లా? ఆ మాటలో అది ఉండదు.

ఇలా అడగండి. "ఈ ఉద్యోగంలో ఉన్న మనిషి గత రెండు వారాల్లో హాజరైన మీటింగులు ఏవేవి, న్యూయార్క్ సమయంలో ఎన్ని గంటలకు జరిగాయి?" విషయాలు వద్దు, సమయాలు చాలు. తర్వాత, "నేను రోజూ మాట్లాడాల్సిన ముగ్గురు ఎవరు, ఏ ఊళ్లలో ఉంటారు?" ఆ తర్వాత, "న్యూయార్క్‌లో మధ్యాహ్నం ఒంటిగంట దాటాక ఆ మనిషిని పిలవాల్సిన పరిస్థితి చివరిసారి ఎప్పుడొచ్చింది?" జరిగిపోయినదాన్ని అడుగుతున్నారు కాబట్టి ఆయన క్యాలెండర్ తెరిచి చూసి చెప్పాల్సిందే. శుక్రవారం మధ్యాహ్నం 3 గంటలకు డెమో ఉందని తెలిసిందనుకోండి. వేసవిలో మనకు శుక్రవారం అర్ధరాత్రి 12:30, అంటే తారీఖు ప్రకారం శనివారం. ఆ సంగతి చేరకముందే తెలిస్తే ఎంత బాగు!

ఆన్‌కాల్ ఉందా అని విడిగా అడగండి. ఉంటే ఎన్ని వారాలకొకసారి, ఎన్ని నిమిషాల్లో స్పందించాలి, రాత్రి లేపితే మర్నాడు ఆలస్యంగా మొదలుపెట్టొచ్చా. ఓవర్‌ల్యాప్ అంటే మీటింగులకు దొరకడమా, చాట్‌లో మెసేజ్ రాగానే జవాబివ్వడమా, అదీ తేల్చుకోండి. సెలవులు ఏ దేశానివో కూడా. సంక్రాంతికి సెలవుందా, లేక నవంబర్‌లో థాంక్స్‌గివింగ్ ఇచ్చి సరిపెడతారా? ఇవి చిన్నవి, ఒక్కో వాక్యంలో తేలిపోతాయి.

కాల్ అయింది, ఆయన బాగానే మాట్లాడాడు, మీకు ధైర్యం వచ్చింది. ఇక్కడ ఆగిపోతారు చాలామంది. ఆగకండి. ఆ మేనేజర్ ఆరు నెలల్లో ఇంకో కంపెనీకి వెళ్లిపోవచ్చు. కొత్తగా వచ్చినవాడికి మీ కాల్ సంగతి ఎలా తెలుస్తుంది? అదే రోజు ఒక మెయిల్ పెట్టండి. మేనేజర్‌కి, హెచ్‌ఆర్‌కి ఇద్దరికీ కలిపి. ఇంగ్లీషులోనే రాస్తారు, అందులో ఉండాల్సింది ఇది, రాసుకోండి, నెమ్మదిగా చెప్తాను:

"ఇవాళ మనం మాట్లాడుకున్నదాని ప్రకారం నా పని సోమవారం నుంచి శుక్రవారం వరకు, రోజుకు 8 గంటలు, మధ్యలో ఒక గంట విరామం. న్యూయార్క్ సమయం ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 1 వరకు టీమ్‌కు అందుబాటులో ఉంటాను. భారత కాలమానంలో ఇది న్యూయార్క్ వేసవి సమయం ఉన్నప్పుడు సాయంత్రం 6:30 నుంచి రాత్రి 10:30 వరకు, లేనప్పుడు 7:30 నుంచి 11:30 వరకు. నా రోజు మొదలు కూడా దానితోపాటే 1:30 నుంచి 2:30కి జరుగుతుంది. నేను తప్పక హాజరవ్వాల్సిన మీటింగులు ఈ నాలుగు గంటల్లోనే ఉంటాయి. దీని బయట నెలకు రెండు మీటింగుల వరకు, రెండు పనిదినాల ముందు చెబితే హాజరవుతాను. ఈ ఉద్యోగంలో ఆన్‌కాల్ లేదు. ఈ వేళలు మార్చాలంటే 30 రోజుల ముందు రాతపూర్వకంగా తెలియజేస్తారు. ఇందులో ఏదైనా తప్పుగా అర్థం చేసుకుని ఉంటే సరిచేయండి. సరే అయితే ధ్రువీకరిస్తూ జవాబు ఇవ్వండి."

ఇంతే, ఒక పేరా. ఇందులో నెలకు రెండు మీటింగులు అన్నది గమనించారా? అసలు రాను అని రాస్తే ఏ మేనేజరూ ఒప్పుకోడు, ఒప్పుకోకూడదు కూడా. ఏడాదిలో ఒకటి రెండుసార్లు అందరూ కూర్చోవాల్సిన కాల్ వస్తుంది. హద్దు పెట్టి ఇస్తే ఒప్పుకుంటాడు. రెండే అని లేదు, మీకు కుదిరేది నాలుగైతే నాలుగు రాయండి. అంకె ఉండాలి, అదీ ముఖ్యం. "అప్పుడప్పుడు", "అవసరాన్ని బట్టి" అని రాస్తే రాయనట్టే.

జవాబు రాలేదు అనుకోండి. మౌనం అర్ధాంగీకారం అని మనవాళ్లు అంటారు, ఉద్యోగంలో అది చెల్లదు. రెండు రోజులు చూసి మళ్లీ అడగండి. "కంగారుపడకండి, చేరాక మేనేజర్‌తో మాట్లాడుకోవచ్చు" అని హెచ్‌ఆర్ నుంచి వచ్చిందా? అది జవాబు కాదు. "చేరాక మాట్లాడుకుందాం, ప్రస్తుతానికి ఇది ఇలాగే ఉంటుందని రాసివ్వండి" అని మర్యాదగా తిప్పి పంపండి. కొందరు ఓవర్‌ల్యాప్‌కి ఒప్పుకుని 30 రోజుల మాట తీసేయమంటారు. 15 అడగండి. 15 రోజులు కూడా కుదరదంటే, అక్కడ వేళలు తరచుగా మారుతుంటాయని మీకు చెప్పకనే చెప్పారు.

మెయిల్‌కి "కన్ఫర్మ్డ్" అని జవాబొచ్చింది. అయిపోయిందా? కాలేదండీ, ఇక్కడే ఇంకో గొయ్యి. కాంట్రాక్టు చివర్లో, సంతకాల పైన, ఎవరూ చదవని చోట ఒక క్లాజు ఉంటుంది. "ఈ ఒప్పందమే ఇరుపక్షాల మధ్య పూర్తి ఒప్పందం, ఇంతకుముందు జరిగిన సంభాషణలు, ఉత్తరాలు, హామీలన్నింటి స్థానంలో ఇదే చెల్లుతుంది." దాని అర్థం ఏంటి? మీరు కష్టపడి తెచ్చుకున్న మెయిల్ కూడా ఆ ఉత్తరాల్లో ఒకటే! సంతకం పెట్టిన క్షణంలో దాని బలం పోయింది. అందుకే మెయిల్‌తో ఆపకూడదు. ఆ పేరాను ఆఫర్ లెటర్‌లోనే పెట్టమనండి, లేకపోతే అనుబంధంగా జతచేసి "ఈ అనుబంధం ఒప్పందంలో భాగం" అనే వాక్యం కాంట్రాక్టులో వేయమనండి. వాళ్లకది పెద్ద పనేం కాదు.

తర్వాత పనిగంటల క్లాజు చదవండి. "వ్యాపార అవసరాల మేరకు పనివేళలను కంపెనీ తన విచక్షణ మేరకు మార్చవచ్చు" అని ఉంటుంది, దాదాపు అన్నింట్లో ఉంటుంది. దాన్ని పూర్తిగా తీసేస్తారని ఆశపెట్టుకోకండి. దాని పక్కన "30 రోజుల ముందస్తు రాతపూర్వక నోటీసుతో" అనే మాట చేర్పించండి, చాలు. ఈ కాగితం వల్ల వేళలు ఎప్పటికీ మారవని నేను చెప్పడం లేదు. మారతాయి. రేపటి నుంచే మారకుండా ఆపుతుంది, మారేటప్పుడు బేరం ఎక్కడ మొదలవ్వాలో చెబుతుంది. అంతవరకే.

ఇంకో రకం ఉంది. విదేశీ కంపెనీకి ఇండియాలో ఆఫీసు లేదు, మధ్యలో ఒక సంస్థ మిమ్మల్ని ఉద్యోగంలో పెట్టుకుని అటు పనిచేయిస్తుంది, ఈఓఆర్ అంటారు. మీ కాంట్రాక్టు ఆ సంస్థతో. వాళ్ల దగ్గర ఒక నమూనా ఉంటుంది, అందులో తరచుగా ఉదయం 9 నుంచి సాయంత్రం 6 అనే ఉంటుంది. అది చూసి మురిసిపోకండి. పని చెప్పేది అటువాళ్లు, రాత్రి పదకొండుకి పిలిచేదీ అటువాళ్లే. మీ కాగితంలో పగలు, మీ బతుకులో రాత్రి. రాత్రి పని అలవెన్స్ అడిగితే "మీ కాగితం ప్రకారం మీది పగటి ఉద్యోగం" అంటారు. సంతకానికి ముందే రెండూ ఒకటి చేయించండి.

అమ్మాయి చెయ్యెత్తింది, అడగమ్మా. ఆ, ఇవన్నీ అడిగితే ఆఫర్ వెనక్కి తీసుకుంటారా అని. మంచి ప్రశ్న, అందరి మనసులో ఉన్నదే. ఎప్పుడు అడుగుతున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. మొదటి ఇంటర్వ్యూలో అడిగితే ఈ మనిషికి పనికన్నా గడియారం ముఖ్యం అనుకోవచ్చు. "మేం మిమ్మల్ని తీసుకుంటున్నాం" అన్నాక అడిగితే అది మామూలు వ్యవహారం. అలా అడిగినందుకు వెనక్కి తగ్గే కంపెనీ లేదని చెప్పను. ఉంటుంది. ఉదయం 9 నుంచి 1 అనే ఒక్క ముక్క రాసివ్వడానికి తగ్గిందంటే, వాళ్లకి కావాల్సింది ఆ నాలుగు గంటలు కాదన్నమాట.

ఇంకొకటి ఉంది, చెప్పి ముగిస్తాను. ఇప్పుడున్న ఉద్యోగంలో మీ నోటీస్ పీరియడ్ ఎంత? మన దగ్గర 60 రోజులు, 90 రోజులు మామూలే కదా. ఆఫర్ మెయిల్ రాగానే ఆనందంలో ఆ సాయంత్రమే పేపర్లు వేసేస్తారు. ఆ తర్వాత పనిగంటల గురించి అడిగితే మీ చేతిలో ఏముంది? పాత ఉద్యోగం వదిలేశారు, కొత్తది సంతకం కాలేదు. అటువాళ్లు ఏమన్నా తలూపాల్సిందే. కాబట్టి వరుస ఇలా ఉండాలి: నోటిమాట ఆఫర్, మేనేజర్‌తో కాల్, అదే రోజు మెయిల్, జవాబు, కాంట్రాక్టు డ్రాఫ్ట్, అందులో ఆ పేరా ఉందో లేదో చూసుకోవడం, రెండువైపులా సంతకాలు. రాజీనామా వాటన్నింటి తర్వాత. చేరే తేదీని ఆ రాజీనామా రోజు నుంచి లెక్కపెట్టమని కూడా ముందే చెప్పేయండి. లేకపోతే "త్వరగా చేరండి" అని తొందరపెట్టేది మీ పేరా ఇంకా డ్రాఫ్ట్‌లోకి ఎక్కని ఆ నాలుగు రోజుల్లోనే.